కాటా చీటీ ఫోన్లోనే, పట్టా సర్వర్లో

ఫొటోలోని అక్షరాలను ఫోన్లోనే చదివించాలా, సర్వర్‌కు పంపి చదివించాలా అన్న ప్రశ్నకు మామూలుగా మూడు జవాబులు వినిపిస్తాయి. ఫోన్లో అయితే ఖర్చు తక్కువ, వేగం ఎక్కువ, సమాచారం బయటికి పోదు. సర్వర్లో అయితే కచ్చితత్వం ఎక్కువ. ఇవి అబద్ధాలు కావు గానీ, వీటిని పట్టుకుని యాప్ కట్టడం మొదలుపెడితే సరిహద్దు జిల్లాల్లో వారం తిరక్కుండానే ఇరుక్కుపోతాం. నేను ముందు వేసే ప్రశ్న వేరు. యంత్రం తప్పు చదివితే ఆ తప్పు ఎవరికి, ఎప్పుడు కనబడుతుంది? కాగితం చేతిలో ఉన్న మనిషికి అక్కడికక్కడే కనబడేదైతే ఫోన్లోనే చదివించాలి. ఆ కాగితం లిపి ఫోన్‌కు రానిదైనా, తప్పును పట్టడానికి ఇంకో మనిషి కూర్చుని చూడాల్సిందైనా సర్వర్‌కు పంపాలి.

ఇది గాలిలో మాట్లాడుకుంటే తేలదు కాబట్టి ఒక పని తీసుకుందాం. ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపురం వైపు పత్తి కొనే వ్యాపారి ఉన్నాడనుకోండి. రైతు బండి వేబ్రిడ్జి ఎక్కుతుంది, కాటా చీటీ వస్తుంది. సీజన్లో రోజుకు నలభై చీటీలు. గుమస్తా ఒక్కో చీటీని ఫొటో తీస్తే బండి నంబరు, నిండు బరువు, ఖాళీ బరువు, నికరం పుస్తకంలోకి ఎక్కాలి. దీంతోపాటు ప్రతి రైతుకూ సీజన్ మొదట్లో ఒక్కసారి భూమి పట్టా ఫొటో తీసి ఖాతా నంబరు, ప్లాటు నంబరు, పేరు ఎక్కించుకోవాలి. చీటీ ఇంగ్లీషులో అచ్చవుతుంది. పట్టా ఒడియాలో ఉంటుంది. గుమస్తా మాట్లాడేది తెలుగు. ఒక్క యాప్‌లో మూడు లిపులు కలుస్తాయి.

ముందు ఖర్చు సంగతి తేల్చేస్తాను, ఎందుకంటే అది అసలు కారణమే కాదు. గూగుల్ క్లౌడ్ విజన్ నెలకు మొదటి 1,000 చిత్రాలు ఉచితంగా చదువుతుంది, ఆపైన 1,000కి 1.50 డాలర్లు. రోజుకు 40 చొప్పున నెలకు 1,200 చీటీలు. ఉచితం పోగా 200 చిత్రాలకు అయ్యేది 30 సెంట్లు. ఇంత చిన్న మొత్తం కోసం ఎవరూ నిర్మాణం మార్చుకోనక్కర్లేదు. అసలు ఇబ్బంది సిగ్నల్. ఫోన్ కెమెరా తీసే 12 మెగాపిక్సెల్ ఫొటో సుమారు 3 ఎంబీ ఉంటుంది. కొండ వారన సిగ్నల్ సెకనుకు 50 కిలోబిట్లకు పడిపోయినప్పుడు ఆ ఒక్క ఫొటో ఎక్కడానికి ఎనిమిది నిమిషాలు. బండి గేటు దాటి వెళ్ళిపోతుంది, రైతు చీటీ మడిచి జేబులో పెట్టుకుంటాడు. సర్వర్ ఎంత బాగా చదివినా, తప్పు బయటపడే వేళకు సరిచూడ్డానికి కాగితం ఉండదు. చీటీని ఫోన్లోనే చదివించాలి అనడానికి నా కారణం ఇదొక్కటే, ఇది చాలు కూడా.

ముందు లిపి చూసుకోండి

ఆండ్రాయిడ్‌లో ఫోన్‌లోనే చదివించడానికి ఎక్కువమంది వాడేది గూగుల్ ఎంఎల్ కిట్. దాని అక్షర గుర్తింపుకు వచ్చిన లిపులు ఐదు: లాటిన్, దేవనాగరి, చైనీస్, జపనీస్, కొరియన్. తెలుగు లేదు, ఒడియా లేదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఎంఎల్ కిట్‌కు తెలుగు వచ్చు అని ఎక్కడో చదివి ఉంటారు, అదీ నిజమే. దాని అనువాదానికి తెలుగు వచ్చు, ఏ భాషో గుర్తించే భాగానికి వచ్చు, తెర మీద వేలితో రాసే రాతను గుర్తించే భాగానికీ వచ్చు. ఈ మూడోది ఫొటోలోని చేతిరాతను చదవదు. వేలు ఏ గీత తర్వాత ఏ గీత గీసిందన్నది చూసి పని చేస్తుంది. ఫొటోలో ఆ వరస ఉండదు.

కాబట్టి మహారాష్ట్ర వైపు, సిరొంచలోనో కిన్వట్‌లోనో దెగ్లూరులోనో ఉన్న తెలుగువాడి యాప్‌కు ఒక వెసులుబాటు ఉంది. మరాఠీ కాగితాన్ని దేవనాగరి మోడల్‌తో ఫోన్లోనే చదివించవచ్చు. ఒడిశా వైపు, పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ఉన్నవాడికి ఆ వెసులుబాటు లేదు. ఒకే యాప్ రెండు రాష్ట్రాల్లో తిరగాలంటే ఈ తేడాను మొదటి రోజే ఒప్పుకోవాలి.

ఒప్పుకోకపోతే ఏమవుతుందో చూడండి. ఒడియా అంకెలున్న కాగితాన్ని లాటిన్ మోడల్‌కు చూపిస్తే అది నాకు రాదు అని చెప్పదు. ఒడియా నాలుగంకె చూపుకు ఇంగ్లీషు 8 లాగే ఉంటుంది. సున్న రెండింటిలోనూ ఒకటే. దేవనాగరి ఒకటంకె ఇంగ్లీషు 9కి దగ్గరగా ఉంటుంది. అంటే నాలుగును ఎనిమిదిగా, ఒకటిని తొమ్మిదిగా చదివి, తడబాటేమీ లేకుండా అంకెను మీ చేతిలో పెట్టగలదు. ఖాళీ ఫలితం వస్తే మనిషి అనుమానిస్తాడు. చక్కటి అంకె వస్తే నమ్మేస్తాడు. అందుకే ఏ కాగితం తీస్తున్నారో గుమస్తాతోనే బటన్ నొక్కించండి: కాటా చీటీ, పట్టా. ఏ మోడల్ పిలవాలో ఆ బటన్‌ను బట్టి తేలాలి తప్ప యాప్ ఊహించకూడదు.

మోడల్‌ను యాప్‌లోనే పెట్టండి

ఎంఎల్ కిట్ మోడల్‌ను రెండు దారుల్లో ఇస్తుంది. ఒకటి యాప్‌లోనే కలిసి వస్తుంది. ఒక్కో లిపికి, ఒక్కో ప్రాసెసర్ రకానికి సుమారు 4 ఎంబీ పెరుగుతుంది. రెండోది గూగుల్ ప్లే సర్వీసెస్ ద్వారా తర్వాత దిగుతుంది. యాప్‌లో పెరిగేది 260 కేబీ మాత్రమే. సన్నని రెండోదే మంచిదని చెప్పేవాళ్ళు ఎక్కువ. ఈ జిల్లాలకు మాత్రం మొదటిదే అంటాను.

ఎందుకంటే రెండో దారిలో మోడల్ తనంతట తాను దిగేలా మ్యానిఫెస్టులో రాసే ఏర్పాటు, యాప్‌ను ప్లే స్టోర్ నుంచి ఇన్‌స్టాల్ చేసినప్పుడు పని చేసేది. ఇక్కడ యాప్‌లు చాలావరకు ఫోన్ నుంచి ఫోన్‌కు, వాట్సాప్‌లో ఏపీకే ఫైలుగా తిరుగుతాయి. అలా వచ్చిన యాప్‌లో మోడల్ ఉండదు. మొదటిసారి చీటీ తీసినప్పుడు డౌన్‌లోడ్ మొదలవుతుంది, అదీ నెట్ ఉంటే. అది పూర్తయ్యే దాకా ప్రతి ప్రయత్నమూ విఫలమే. గుమస్తాకు తెలిసేది ఒకటే, యాప్ చదవట్లేదు అని. ఆఫీసులో వైఫై మీద పరీక్షించిన మీ ఫోన్లో ఇది ఒక్కసారి కూడా కనబడదు.

```
implementation("com.google.mlkit:text-recognition:16.0.1")
implementation("com.google.mlkit:text-recognition-devanagari:16.0.1")
```

రెండో వరస మహారాష్ట్ర వైపు వాడేవాళ్ళకు. రెండు లిపులు, రెండు ప్రాసెసర్ రకాలు (`arm64-v8a`, `armeabi-v7a`) కలిపి ఒకే ఏపీకేగా పంచితే 16 ఎంబీ పెరుగుతుంది. ఒక్కసారి దిగేది కాబట్టి ఈ బరువు మోయొచ్చు. ఎమ్యులేటర్ కోసం ఉన్న `x86` రకాలను మాత్రం పంచే ఏపీకేలోంచి తీసేయండి, లేకపోతే ఊరికే ఇంకో 16 ఎంబీ.

చీటీని చదివించడం

గుర్తింపుకు ఒక్కో అక్షరం కనీసం 16×16 పిక్సెళ్ళు ఉండాలి. 24×24 దాటాక అదనంగా వచ్చే లాభం లేదు. ఈ రెండు అంకెలు గుర్తుంటే సగం సమస్యలు ముందే తెలిసిపోతాయి. కెమెరాఎక్స్‌లో విశ్లేషణకు వచ్చే ఫ్రేము మామూలుగా 640×480. డాట్ మ్యాట్రిక్స్ చీటీ 80 కాలమ్‌లది అయితే, చీటీ ఫ్రేము నిండా ఉన్నా 640ని 80తో భాగిస్తే అక్షరానికి 8 పిక్సెళ్ళు. చదవదు, లేదా చదివినట్టు నటిస్తుంది. 1280×720కి పెంచితే, ఫోన్ అడ్డంగా పట్టుకున్నప్పుడు సరిగ్గా 16. నిలువుగా పట్టుకుంటే వెడల్పు 720 కాబట్టి 9. మనుషులు ఫోన్ నిలువుగానే పట్టుకుంటారు. అందుకే 1920×1080 పెట్టి, తెర మీద అడ్డంగా ఒక చట్రం గీసి, చీటీలో బరువులున్న భాగం మాత్రమే అందులోకి వచ్చేలా చూడాలి. మొత్తం చీటీ అవసరం లేదు.

మరీ దగ్గరికి తీసుకెళ్ళినా చెడుతుంది. రిబ్బన్ ఆరిపోయిన ప్రింటరులో అక్షరం అంటే విడివిడి చుక్కల వరస. పిక్సెళ్ళు ఎక్కువయ్యే కొద్దీ ఆ చుక్కల మధ్య తెలుపు కూడా పెరుగుతుంది. అప్పుడు చిత్రాన్ని చిన్నది చేసి చూడండి. అక్షరం ఎత్తు 24 పిక్సెళ్ళ దగ్గరికి దిగేలా తగ్గిస్తే చుక్కలు కలిసి గీత అవుతాయి. పెద్ద ఫొటో అయితే మేలు అన్న నమ్మకం ఇక్కడ తిరగబడుతుంది.

ఇంకో చిన్న సంగతి. ఫ్రేము పని అయ్యాక `imageProxy.close()` పిలవకపోతే తర్వాతి ఫ్రేము రానే రాదు. మొదటిసారి చదివి, ఆపైన కదలకుండా నిలిచిపోయిందంటే ముందు అక్కడ వెతకండి.

ఇప్పుడు అసలు చిక్కు. చీటీ మీద ఇలా ఉంటుంది:

```
VEHICLE NO : OD18B4471
GROSS WT   :  7840 Kg
TARE WT    :  3220 Kg
NET WT     :  4620 Kg
```

మనకు ఇది నాలుగు వరసలు. ఎంఎల్ కిట్‌కు చాలాసార్లు ఇది రెండు స్తంభాలు. ఎడమవైపు పేర్లన్నీ ఒక `TextBlock`, కుడివైపు అంకెలన్నీ ఇంకో `TextBlock`. `result.text` తీసుకుని GROSS తర్వాత వచ్చే అంకె ఏది అని వెతికితే దాని తర్వాత వచ్చేది TARE అన్న మాట. కాబట్టి బ్లాకుల్ని పక్కనపెట్టి, లైన్లన్నీ బయటికి తీసి, ఒక్కో లైను నడిమి ఎత్తును బట్టి మళ్ళీ వరసలు కట్టాలి. అక్షరం ఎత్తులో సగం కంటే తక్కువ తేడా ఉన్నవి ఒకే వరస.

ఇంతవరకూ అందరూ చేస్తారు. చీటీ వంకరగా ఉన్నప్పుడే ప్రమాదం. పేరుకూ అంకెకూ మధ్య దూరం 400 పిక్సెళ్ళు, వరసకూ వరసకూ మధ్య 45, అక్షరం ఎత్తు 30 అనుకోండి. చీటీ 5 డిగ్రీలు కుడివైపు కిందికి వాలింది. అయిదు డిగ్రీలంటే చేత్తో పట్టుకున్న కాగితానికి మామూలే, కంటికి తెలియదు. అప్పుడు ప్రతి అంకె తన పేరు కంటే 35 పిక్సెళ్ళు కిందికి పోతుంది. దాని పై వరసలోని అంకె మాత్రం 10 పిక్సెళ్ళ తేడాలోకి వచ్చేస్తుంది. TARE పక్కకు 7840 చేరుతుంది, NET పక్కకు 3220 చేరుతుంది, GROSS పక్కన బరువే ఉండదు. కళ్ళ ముందు చీటీ శుభ్రంగా ఉంది, అంకెలన్నీ సరిగ్గానే చదివింది, పుస్తకంలో ఎక్కింది మాత్రం తప్పు.

ప్రతి లైనూ ఎన్ని డిగ్రీలు వాలిందో ఎంఎల్ కిట్టే `angle`లో చెబుతుంది. అన్ని లైన్ల కోణాల్లో నడిమిది తీసుకుని, వరసలు కట్టే ముందు ఎత్తును సరిదిద్దాలి:

```kotlin
fun level(l: Text.Line, deg: Double): Double {
    val b = l.boundingBox!!
    val t = Math.toRadians(deg)
    return b.centerY() * cos(t) - b.centerX() * sin(t)
}
```

ఈ విలువతో వరసలు కడితే 35 పిక్సెళ్ళ జారుడు పోతుంది. సగటు కాకుండా నడిమి కోణం ఎందుకంటే, చీటీ మీద వాలుగా కొట్టిన ముద్ర ఒకటి చాలు సగటును పక్కకు లాగేయడానికి.

లెక్క సరిపోయింది కాబట్టి సరే అనుకోకండి

చీటీలో మనకు దొరికే వరం ఏమిటంటే, అది తనను తాను సరిచూసుకుంటుంది. నిండు బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే నికరం రావాలి. 7840 − 3220 = 4620. ఒక అంకె తప్పు చదివినా లెక్క తప్పుతుంది, అక్కడే మళ్ళీ ఫొటో తీయమని అడగవచ్చు. చాలా వేబ్రిడ్జిలు 5 లేదా 10 కిలోల మెట్టుతో చూపుతాయి కాబట్టి చివరి అంకె 0 గానీ 5 గానీ కాకపోతే అదీ అనుమానమే. ఈ సరిచూపు ఫోన్లో క్షణంలో అవుతుంది. సర్వర్ అక్కర్లేదు.

కానీ ఈ వరాన్ని పాడుచేసే రెండు పనులున్నాయి. రెండూ మంచి ఉద్దేశంతోనే రాసే కోడ్.

మొదటిది, మూడింట్లో రెండు దొరికితే మూడోది లెక్కగట్టి నింపేయడం. పైన వంకర చీటీలో TARE 7840, NET 3220 అని వచ్చి GROSS దొరకలేదు కదా. యాప్ రెండూ కలిపి GROSS 11060 అని నింపుతుంది. లెక్క సరిపోతుంది, ఎందుకంటే దాన్ని సరిపోయేలా కట్టింది మనమే. సాక్షిని మనమే తయారుచేసి మనమే అడిగినట్టు. మూడూ కాగితం మీంచే రావాలి. ఒకటి రాకపోతే చీటీ చదవలేదనే లెక్క.

రెండోది, పేర్లతో పని లేకుండా మూడు అంకెల్నీ పెద్ద చిన్న వరసలో పెట్టి, పెద్దది నిండు బరువు, మధ్యది నికరం, చిన్నది ఖాళీ బరువు అనుకోవడం. బండి నిండా సరుకున్నన్నాళ్ళూ ఇది పని చేస్తుంది. సీజన్ చివర్లో సగం బండి వస్తుంది: నిండు బరువు 4890, ఖాళీ బండి 3220, నికరం 1670. ఇప్పుడు మధ్యది ఖాళీ బండి బరువు. యాప్ నికరం 3220 అని రాస్తుంది. 4890 − 1670 = 3220, లెక్క సరే. పదిహేనున్నర క్వింటాళ్ళ పత్తి ఎక్కువగా కొన్నట్టు పుస్తకంలో ఎక్కింది. ఖాళీ బరువూ నికరమూ ఒకదాని స్థానంలో ఇంకొకటి వస్తే తీసివేత ఎప్పటికీ పట్టుకోలేదు.

దీనికి మందు ఫోన్లోనే ఉంది. అదే బండి ఇంతకుముందు వచ్చినప్పటి ఖాళీ బరువులు దాచుకోండి. డీజిలు, క్లీనరు, తడిసిన టార్పాలిన్ వల్ల కొన్ని పదుల కిలోలు మారుతుంది గానీ సగానికి సగం మారదు. 3220 ఉండే బండి 1670 అని వస్తే ఆపేయాలి. అందుకే బండి నంబరు సరిగ్గా చదవడం కేవలం రికార్డు కోసం కాదు, బరువును సరిచూసే తాళంచెవి అదే.

బండి నంబరులో O, D, 0 కలిసిపోతాయి. B, 8 కలిసిపోతాయి. OD18 కాస్తా 0018 అవుతుంది. ఇక్కడ స్థానాన్ని బట్టి దిద్దవచ్చు. మొదటి రెండూ అక్షరాలే, చివరి నాలుగూ అంకెలే, కాబట్టి మొదట్లో సున్న కనబడితే అది అక్షరమే అయి ఉండాలి. OD18 రాయగడ, OD20 గజపతి, MH33 గడ్చిరోలి, MH26 నాందేడ్. దిద్దిన నంబరును ఇంతకుముందు వచ్చిన బండ్ల జాబితాతో పోల్చి, లేకపోతే కొత్త బండా అని గుమస్తాను అడగండి. బరువులో మాత్రం ఇలా దిద్దకండి. 7B40 అని వస్తే ఆ B ఎనిమిదే కావచ్చు, కాకపోవచ్చు. నంబరును దిద్దితే పోల్చడానికి జాబితా ఉంది, బరువును దిద్దితే మనకున్న ఏకైక సాక్ష్యాన్ని తాకినట్టు. మళ్ళీ తీయించడమే మేలు.

ఫోన్లో చదివించడం వల్ల దక్కే ఇంకో లాభం ఇక్కడే. ఒక్క ఫొటో మీద ఆధారపడక్కర్లేదు. కెమెరా తెరిచి ఉండగానే వరసగా వచ్చే ఫ్రేముల్లో మూడింట్లో ఒకే నాలుగు విలువలు వస్తేనే ఒప్పుకుని, చిన్న శబ్దం చేసి ఆగిపోవచ్చు. మెరుపు, నీడ, చెయ్యి వణుకు ఇవన్నీ ఒక ఫ్రేములో ఉంటాయి, మూడింట్లోనూ ఒకేలా ఉండవు. ఇదే పని సర్వర్‌తో చేయాలంటే మూడు రెట్లు పంపాలి.

పట్టాను ఎందుకు సర్వర్‌కు పంపాలి

పట్టా దగ్గర ఇదంతా తలకిందులు. లిపి ఒడియా, కాబట్టి ఎంఎల్ కిట్ లేదు. దాంట్లో తీసివేత లెక్క లేదు, కాబట్టి తనను తాను సరిచూసుకోదు. బండి గేటులో నిలబడి లేదు, రేపటికి చదివినా నష్టం లేదు. రైతుకు సీజన్‌కు ఒక్కసారే. ఇన్ని కారణాలు ఒకవైపే మొగ్గినప్పుడు ఫోన్లోనే చేయాలని పట్టుబట్టడం అనవసరం.

అక్షరాలు చదివే ఉచిత సాఫ్ట్‌వేర్ టెసరాక్ట్‌ను ఫోన్లో పెట్టవచ్చు కదా అని అడుగుతారు. పెట్టవచ్చు. దానికి `tel`, `ori`, `mar` మూడు భాషల ఫైళ్ళూ ఉన్నాయి, ఆండ్రాయిడ్‌లో వాడుకునే లైబ్రరీ కూడా ఉంది. అయితే టెసరాక్ట్ స్కానర్ మీద తీసినట్టున్న చదునైన, సమానమైన వెలుగున్న, 300 డీపీఐ చిత్రాన్ని కోరుతుంది. నాలుగు మడతలు పెట్టి ప్లాస్టిక్ కవరులో దాచిన పట్టా అలా ఉండదు. మడత గీత అక్షరాల్ని కోస్తుంది, కవరు మీద వెలుగు మెరుస్తుంది. ముందు చదును చేయాలి, నీడ తీయాలి, మధ్యలో ఉన్న గళ్ళ గీతలు చెరపాలి. ఈ ముందు పనిలో ఏ మెట్టు ఎంత వాడాలో మొదటిసారే కుదరదు, వచ్చే పట్టాల్ని చూస్తూ పది సార్లు మార్చాల్సి వస్తుంది. సర్వర్లో అయితే మార్పు ఒక్కచోట. ఫోన్లలో అయితే ప్రతి మార్పుకూ కొత్త ఏపీకే పంచాలి, ఎవరి దగ్గర ఏ వెర్షన్ ఉందో తెలియదు.

సర్వర్లో మొదలుపెట్టడానికి ఇంతే:

```
sudo apt install tesseract-ocr tesseract-ocr-ori
tesseract patta.png out -l ori+eng --psm 6
```

`Failed loading language 'ori'` అని వస్తే భాష ఫైలు దిగలేదని అర్థం. `tesseract --list-langs` కొట్టి చూసుకోండి. `--psm 6` అంటే మొత్తం ఒకే అచ్చు ముద్దగా చూడమని. గళ్ళున్న పట్టాకు మొత్తం కాగితం ఇవ్వడం కంటే గడి గడీ కోసి ఒక్కొక్కటిగా ఇస్తే ఫలితం మెరుగు. తెలుగు కాగితాలు వస్తే క్లౌడ్ విజన్‌లో `DOCUMENT_TEXT_DETECTION` వాడవచ్చు, తెలుగు దానికి వచ్చు. దాని తాళంచెవిని ఏపీకేలో పెట్టకండి. ఏపీకే విప్పడం నిమిషం పని. ఫొటో మీ సర్వర్‌కు వెళ్ళాలి, అక్కణ్ణించి క్లౌడ్‌కు.

ఫొటో పరిమాణంలో చీటీకీ పట్టాకీ పోలిక లేదు. ఏ4 కాగితం 300 డీపీఐ అంటే 2480×3508 పిక్సెళ్ళు. అంటే 12 మెగాపిక్సెల్ ఫొటోను దాదాపు పూర్తిగా పంపాలి. డేటా మిగులుతుందని 1280కి తగ్గించి పంపితే ఒడియా అక్షరాల గుండ్రటి తలలన్నీ ఒకేలా అయిపోతాయి, ఆ తర్వాత ఏ సర్వరూ ఏమీ చేయలేదు. కాబట్టి తగ్గించకుండా ఫోన్లో దాచి, వర్క్‌మేనేజర్‌లో `NetworkType.UNMETERED` షరతు పెడితే రాత్రి ఇంటి వైఫై దొరికినప్పుడు తనే వెళ్తుంది. వైఫై లేని గుమస్తాల కోసం `CONNECTED`కు మార్చుకునే మీట ఒకటి ఇవ్వండి. పంపిన ప్రతి ఫొటోకూ ఫోన్లోనే ఒక ప్రత్యేక గుర్తు వేయాలి. అప్‌లోడ్ పూర్తయ్యాక జవాబు వచ్చేలోపు సిగ్నల్ పోతే ఫోన్ మళ్ళీ పంపుతుంది. గుర్తు లేకపోతే ఒకే రైతు రెండుసార్లు ఎక్కుతాడు.

సర్వర్ చదివిందాన్ని నేరుగా పుస్తకంలోకి ఎక్కించకండి. కోసిన గడి బొమ్మ పైన, చదివిన పాఠం కింద, ఒడియా చదవగలిగిన మనిషి ఎదురుగా. గుణుపురం, రాయగడ తెలుగు ఇళ్ళలో బడిలో ఒడియా చదువుకున్నవాళ్ళకు కొదవ లేదు. పేర్ల దగ్గర మరీ జాగ్రత్త. తెలుగులో వెంకటరావు పట్టాలో వ బదులు బ తోనో భ తోనో ఉండవచ్చు, ఇంటిపేరు ముందుండాల్సింది వెనక్కి పోవచ్చు. ఒడియా పేరును తెలుగులోకి మార్చి బ్యాంకు పేరుతో అక్షరం అక్షరం పోల్చి, కుదరలేదని తిరస్కరించే కోడ్ రాస్తే నిజమైన రైతుకే డబ్బు ఆగుతుంది. పోల్చాల్సింది ఖాతా, ప్లాటు నంబర్లను. పేరు మనిషి చూడాలి. చూడ్డం అయ్యాక పట్టా ఫొటోను సర్వర్లో ఉంచుకోవడానికి కారణం లేకపోతే తీసేయండి. అది ఒకరి భూమి కాగితం.

మహారాష్ట్ర వైపు సాత్‌బారా అనే మరాఠీ భూమి కాగితం సంగతి ఈ రెంటికీ మధ్యన ఉంటుంది. దేవనాగరి మోడల్ ఫోన్లో ఉంది కాబట్టి గట్ నంబరు, విస్తీర్ణం అక్కడే చదివించి రైతు ఎదుటే ఒప్పించుకోవచ్చు. విస్తీర్ణం హెక్టార్లు, ఆర్‌లలో ఉంటుంది. 1.20 అంటే ఒక హెక్టారు ఇరవై ఆర్‌లు. మధ్య చుక్కను గుర్తింపు మింగేస్తే 120 అవుతుంది. చుక్క లేకుండా విస్తీర్ణం వస్తే ఒప్పుకోకూడదు. మిగతా గళ్ళన్నీ కావాలంటే మాత్రం ఒడియా పట్టా దారినే పోవాలి.

ఫొటో చూసి సరుకు చెప్పమంటే

ఇంత చేశాక ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, పత్తి ఫొటో తీస్తే గ్రేడు చెప్పేలా పెట్టకూడదా అని. ఎంఎల్ కిట్‌లో బొమ్మలకు పేరుపెట్టే భాగం ఉంది. మామూలు మోడల్‌కు 400 పైచిలుకు పేర్లు తెలుసు. అవి మొక్క, ఆహారం, వాహనం లాంటి పేర్లు. పత్తి గ్రేడు వాటిలో లేదు. సొంత టెన్సర్‌ఫ్లో లైట్ మోడల్ పెట్టుకోవచ్చు, రంగు, చెత్త కొంతవరకు నేర్పవచ్చు. కానీ ధరను తేల్చే పెద్ద సంగతి తేమ. భారత పత్తి సంస్థ 8 శాతం తేమకు పూర్తి మద్దతు ధర ఇస్తుంది, 12 శాతం దాకా కోత పెట్టి కొంటుంది. 8కీ 11కీ తేడా ఫొటోలో ఉండదు. అది తేమ మీటరు పని, దాని అంకెను గుమస్తా కొట్టాలి. ఫోన్లో అయినా సర్వర్లో అయినా, చిత్రంలో లేనిదాన్ని ఏ మోడలూ చదవలేదు.

చీటీకి బదులు ఇంకేదో తీస్తే గుర్తించడానికైనా బొమ్మల మోడల్ పెడదామంటారు. అదీ అక్కర్లేదు. GROSS, TARE, NET లాంటి బరువుల పేర్లు కనబడలేదంటే అది చీటీ కాదు. 4 ఎంబీ అక్షర మోడల్ ఇప్పటికే ఆ పని చేస్తోంది.

చివరిగా, ఫోన్లో చదివించినా ఒక చిన్న ముక్కను మాత్రం సర్వర్ నుంచే తెప్పించుకోండి. ఒక వేబ్రిడ్జి GROSS WT అంటుంది, ఇంకోటి LADEN అంటుంది, మరోటి GROSS, TARE బదులు 1ST WT, 2ND WT అని రాస్తుంది. ఈ మూడో రకంలో బండి నిండుగా ముందు ఎక్కిందా ఖాళీగా ముందు ఎక్కిందా అన్నదాన్ని బట్టి ఏది ఏదో మారుతుంది. పెద్దది నిండు బరువు అనుకోవడం ఇక్కడ సరే, ఎందుకంటే పోలిక రెండింటి మధ్యే, నికరానికి దాని పేరు అచ్చులో విడిగా ఉంది. ఏ కాటాకు ఏ మాటలు అన్న ఈ పట్టికను చిన్న జేసన్ ఫైలుగా సర్వర్లో పెట్టి, సిగ్నల్ దొరికినప్పుడు ఫోన్ తెచ్చుకునేలా చేస్తే, కొత్త వేబ్రిడ్జి తెరిచిన రోజు ఏపీకే మార్చకుండా రెండు కేబీలతో పని అయిపోతుంది. ఆ ఫైలు రాసే ముందు ఆ కాటా చీటీలు కనీసం ఇరవై తెప్పించుకోండి, అందులో సగం బండివీ, రిబ్బన్ ఆరినవీ, ముద్ర పడినవీ ఉండేలా చూసుకోండి.